రాని క్లాసుకు కట్టిన ఫీజును వచ్చే బ్యాచ్‌కు మార్చండి: ఒక కోచింగ్ సెంటర్ యాజమాన్యానికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన యాజమాన్యానికి,

నేను మహబూబాబాద్ జిల్లా నుంచి రాస్తున్నాను. జూన్ 9న మొదలైన మీ గ్రూప్-2 ఫౌండేషన్ బ్యాచ్‌కు మే 24న పూర్తి ఫీజు కట్టాను. ఒక్క క్లాసుకు కూడా రాలేకపోయాను. కట్టిన ఫీజును దసరా తర్వాత, అక్టోబర్ 6న మీరు మొదలుపెట్టబోయే బ్యాచ్‌కు మార్చమని మూడు మెయిళ్లు పంపాను, రెండుసార్లు స్వయంగా వచ్చి అడిగాను. మెయిళ్లకు జవాబు లేదు. కౌంటర్ దగ్గర మాత్రం రెండుసార్లూ ఒకే మాట విన్నాను: "ఒకసారి కట్టిన ఫీజు వాపసు ఉండదమ్మా, ట్రాన్స్‌ఫర్ కూడా ఉండదు."

హైదరాబాద్‌లో నేను దిగాల్సిన హాస్టల్‌లోనే ఇలా ఫీజు పోగొట్టుకున్న అక్క ఇంకొకరు ఉన్నారు. ఆమె అడగడం మానేసింది. అందుకే మీ పేరు బయటపెట్టకుండా, నా విషయం మాత్రం అందరూ చదివేలా రాస్తున్నాను. మీ సంస్థ మీద కోపంతో రాసిన ఉత్తరం కాదిది. కోపమే ఉంటే మళ్లీ మీ దగ్గరే చదువుతానని అడగను కదా. పాలిటీ చెప్పే సార్ డెమో క్లాసు విన్న రోజే, చదివితే ఇక్కడే చదవాలని అనుకున్నాను. ఇప్పటికీ అదే అనుకుంటున్నాను.

ముందు జరిగింది చెబుతాను.

జూన్ 3, మంగళవారం తెల్లవారుజామున మా అమ్మ స్నానాల గది గడప దగ్గర జారి పడింది. ఎడమ తుంటి ఎముక విరిగింది. రెండు రోజుల తర్వాత వరంగల్‌లో ఆపరేషన్ చేసి, తుంటి కీలులో బంతిలా ఉండే ముక్క తీసేసి కొత్తది పెట్టారు. ఆరు వారాల పాటు వాకర్ పట్టుకునే నడవాలని, కింద కూర్చోకూడదని, పీటల మీదా నులక మంచం మీదా కూర్చోకూడదని, కాలు మీద కాలు వేసుకోకూడదని డాక్టర్ గట్టిగా చెప్పారు. మా ఇంట్లో ఉన్నది నేల మీద కట్టిన లెట్రిన్. దాని మీదికి ప్లాస్టిక్ కమోడ్ కుర్చీ కొనుక్కొచ్చి వేశాం. అమ్మను పగలు నాలుగైదు సార్లు, రాత్రి రెండు సార్లు అక్కడిదాకా పట్టుకుని నడిపించడానికి ఒక మనిషి ఉండి తీరాలి. సరిగ్గా అప్పుడే మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడింది. బాపు పత్తి గింజలు పెట్టే పని వదిలి ఆసుపత్రిలో కూర్చుంటే ఆ ఏడు పంటే లేదు. తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు. ఇంట్లో అమ్మను లేపి పట్టుకోగలిగిన ఆడమనిషిని నేనొక్కదాన్నే.

ఇదంతా మీ జాలి కోసం రాయడం లేదు. "రాలేకపోవడం" అన్న మాట వెనుక ఏముందో మీ కౌంటర్‌లో చెప్పే వీలు దొరకలేదు, అందుకే రాశాను. ఆసుపత్రి డిశ్చార్జ్ కాగితం, ఆపరేషన్ తేదీ ఉన్న బిల్లు మొదటి మెయిల్‌తోనే పంపాను.

ఇక మీకు ఎప్పుడు తెలియజేశానన్నది. జూన్ 4 సాయంత్రం 6 గంటలకు, ఆపరేషన్‌కు ముందు రోజు, ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చుని, నన్ను చేర్పించుకున్న మీ కౌన్సెలర్ మేడమ్‌కు వాట్సాప్‌లో మెసేజ్ పెట్టాను. "మేడమ్, అమ్మకు ఆపరేషన్, ఈ బ్యాచ్‌కు రాలేను, వచ్చే బ్యాచ్‌కు మార్చండి" అని రాశాను. ఆమె "ఓకే అమ్మా, జాగ్రత్త, చూద్దాం" అని జవాబిచ్చారు. ఆ "చూద్దాం" అన్న మాట నమ్ముకుని అప్పుడు మెయిల్ పెట్టలేదు. అది నా పొరపాటు, ఒప్పుకుంటాను. కానీ మెసేజ్ మీద తేదీ ఉంది, సమయం ఉంది, మీ మనిషి ఇచ్చిన జవాబు కూడా ఉంది. అప్పటికి బ్యాచ్ మొదలు కావడానికి ఇంకా ఐదు రోజులు మిగిలే ఉన్నాయి. నా అభ్యర్థనలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఇదే. నేను సగం కోర్సు విని ఆగిపోలేదు. క్లాసు మొదలవక ముందే నా సీటు మీకు ఖాళీ చేసి ఇచ్చాను.

ఆ సీటు ఖాళీగా మిగల్లేదు కూడా. జూన్ 7న మీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో "110 సీట్లూ నిండాయి, వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి ఫోన్ చేస్తున్నాం" అని మీవాళ్లే పెట్టారు. నేనింకా ఆ గ్రూపులోనే ఉన్నాను, ఆ మెసేజ్ కూడా ఉంది. నా వేలిముద్ర మీ అటెండెన్స్ మిషన్ మీద ఒక్కసారీ పడలేదు. యాప్‌లో జూన్ 10 రాత్రి ఒకసారి లాగిన్ అయ్యాను. చరిత్ర క్లాసు వీడియో ఒకటి పదకొండు నిమిషాలు చూశాను, అమ్మ పిలిస్తే ఆపేశాను. ఆ తర్వాత మళ్లీ తెరవలేదు. మీ రికార్డుల్లో ఇదంతా మీరే చూసుకోవచ్చు.

"రికార్డెడ్ క్లాసులు యాప్‌లో ఉన్నాయిగా, అమ్మ కోలుకున్నాక మధ్యలో వచ్చి కలువు" అని మీ మేనేజర్ సార్ అన్నారు. మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ నేను కొన్నది ఎదుట సార్ బోర్డు మీద రాస్తుంటే విని, అర్థం కానిది అక్కడే లేచి అడిగే క్లాసు. వీడియోలు చాలనుకుంటే మీ దగ్గరే ఇంతకన్నా చాలా తక్కువ ధరకు ఆన్‌లైన్ కోర్సు దొరికేది. పైగా ఇది ఎక్కడ మొదలుపెట్టినా ఒకటే అనే చదువు కాదు. గ్రూప్-2లో నాలుగు పేపర్లు, ఒక్కోటి 150 మార్కులు. మీరిచ్చిన టైమ్‌టేబుల్ ప్రకారం మొదటి ఏడు వారాల్లోనే పాలిటీ, తెలంగాణ చరిత్ర అయిపోయాయి. నాలుగో పేపర్లో తెలంగాణ ఉద్యమం చదవాలంటే ముల్కీ నిబంధనలు, పెద్దమనుషుల ఒప్పందం, ఆరు సూత్రాల పథకం ఏ వరసలో, ఎందుకు వచ్చాయో తెలిసి ఉండాలి. ఆ పునాది లేకుండా ఆగస్టులో వచ్చి ఎకానమీ క్లాసులో కూర్చుంటే నోట్సు రాసుకోవడమే అవుతుంది, చదవడం కాదు. డిగ్రీ తర్వాత నాలుగేళ్లు బయట పనిచేసి మళ్లీ పుస్తకం పట్టినదాన్ని, నాకు ఆ పునాదే ముఖ్యం.

ఇప్పుడు అసలు అడ్డంకి దగ్గరికి వస్తాను. రెండోసారి వచ్చినప్పుడు అకౌంట్స్ మేడమ్ చెప్పిన కారణం ఇది: "జీఎస్టీ గవర్నమెంటుకు కట్టేశాం, దాన్ని మార్చడం కుదరదు." ఆ మాట విని బస్సెక్కాను. దారిలో పర్సులోంచి రశీదు తీసి మొదటిసారి నెమ్మదిగా చదివాను. పసుపు రంగు కాగితం. పైన మీ జీఎస్టీ నంబరు, కింద కోచింగ్ సేవలకు వాడే 999293 కోడ్. కోర్సు ఫీజు 38,000 రూపాయలు, 18 శాతం జీఎస్టీ 6,840, మొత్తం 44,840. అన్నిటికన్నా కింద, చీమ తలకాయంత అక్షరాల్లో వాపసు లేదన్న వాక్యం. కాగితం మీద పేరు మాత్రం "రిసీట్ వోచర్" అని ఉంది, "ట్యాక్స్ ఇన్వాయిస్" అని లేదు.

మా ఊరి అబ్బాయి ఒకడు ఖమ్మంలో ఆడిటర్ ఆఫీసులో పనిచేస్తాడు. ఆ కాగితం ఫొటో పంపితే ఫోన్ చేసి ఇలా వివరించాడు. సేవ ఇవ్వక ముందే డబ్బు తీసుకుంటే అది అడ్వాన్సు. దాని మీద అప్పుడే జీఎస్టీ కట్టాలి, కస్టమర్‌కు రిసీట్ వోచర్ ఇవ్వాలి. సేవ ఇచ్చినప్పుడు ట్యాక్స్ ఇన్వాయిస్ రాసి, ముందు కట్టిన పన్నును అందులో సర్దుకోవాలి. నా విషయంలో సేవ ఇంకా మొదలే కాలేదు, అంటే నా డబ్బు అడ్వాన్సుగానే మీ దగ్గర ఉంది. అదే మనిషికి అదే కోర్సు జూన్ బదులు అక్టోబర్‌లో చెబితే ప్రభుత్వం దగ్గరున్న పన్ను అక్కడే ఉంటుంది. ఎవరికీ వాపసు ఇవ్వక్కర్లేదు. మీ పుస్తకాల్లో బ్యాచ్ పేరు మారుతుంది, అంతే. అంటే జీఎస్టీ కట్టేశారన్న కారణం నా ఫీజు మార్చకపోవడానికి అడ్డం కాదు. నిజానికి మార్చడమే మీ అకౌంట్స్‌కు అన్నిటికన్నా తేలిక.

ఒకవేళ డబ్బే వాపసు ఇవ్వాల్సి వచ్చినా దారి ఉంది. ఇన్వాయిస్ రాయకుండా, సేవ ఇవ్వకుండా అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు రిఫండ్ వోచర్ ఇవ్వమని కేంద్ర జీఎస్టీ చట్టం 31వ సెక్షన్‌లోనే ఉంది. మీవాళ్లు ఆ తర్వాత నా పేరున ఇన్వాయిస్ రాసేసి ఉంటే క్రెడిట్ నోట్ అనే ఇంకో పద్ధతి ఉంది, దానికి గడువు మాత్రం ఉంది. 2025-26లో రాసిన ఇన్వాయిస్‌కు 2026 నవంబర్ 30 దాటితే, లేదా అంతకుముందే మీరు వార్షిక రిటర్ను వేసేస్తే, ఆ పన్ను మీకు తిరిగి సర్దుబాటు కాదు. కాబట్టి ఆలస్యం అయ్యేకొద్దీ ఇబ్బంది పడేది నేనొక్కదాన్నే కాదు. దయచేసి మీ ఆడిటర్‌ను ఒక్క ప్రశ్న అడగండి: ఈ రశీదుకు ఇన్వాయిస్ రాశారా, లేదా? ఆ జవాబు తెలిస్తే సగం సమస్య తీరుతుంది.

రశీదు అడుగున ఉన్న వాక్యం సంగతి. ఫీజు కట్టేటప్పుడు దాన్ని ఎవరూ నాకు చదివి వినిపించలేదు, నేనూ చూడలేదు. అయినా చూడలేదు కాబట్టి అది చెల్లదని వాదించను. ఒప్పందం తప్పినప్పుడు ఎదుటివారికి న్యాయంగా ఇవ్వాల్సినంతే పరిహారం ఇవ్వాలి, కాగితం మీద రాసుకున్న జరిమానా మొత్తం కాదు అని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా నష్టానికి పొంతన లేని జరిమానా వేసే షరతును అన్యాయమైన ఒప్పందం కిందే లెక్కిస్తుంది. కోచింగ్ సెంటర్లు స్కూళ్లు, కాలేజీల్లాంటివి కావని, ఆ చట్టం కిందికి వస్తాయని జాతీయ వినియోగదారుల కమిషన్ 2020 జనవరిలో చెప్పింది.

2024 జనవరిలో కేంద్ర విద్యాశాఖ కోచింగ్ సెంటర్ల మీద మార్గదర్శకాలు ఇచ్చింది. పూర్తి ఫీజు కట్టిన విద్యార్థి మధ్యలో మానేస్తే మిగిలిన కాలానికి లెక్కగట్టి పది రోజుల్లో వాపసు ఇవ్వాలని అందులో ఉంది. అవి కేంద్రం రాష్ట్రాలకు పంపినవే తప్ప నేరుగా చట్టం కావని నాకు తెలుసు, అందుకే వాటిని చూపించి మిమ్మల్ని బెదిరించను. కానీ మధ్యలో మానేసినవాళ్లకే మిగిలిన డబ్బు ఇవ్వడం న్యాయమని దేశం అనుకుంటుంటే, మొదలే పెట్టని నాకు డబ్బు కాదు, సీటు ఇమ్మని అడగడం ఎక్కువ అడిగినట్టా?

మీ నష్టం ఎంతో నేను లెక్క వేశాను. రిజిస్ట్రేషన్, ఐడీ కార్డు కలిపి 500 అని మీ బ్రోచర్‌లోనే ఉంది. తొమ్మిది పుస్తకాల సెట్ తీసుకున్నాను. బయటివాళ్లు కొనుక్కుంటే కౌంటర్లో 2,600 తీసుకుంటారు. వాటిలో ఏడు పుస్తకాలకు ప్లాస్టిక్ కవరు కూడా చింపలేదు. సీటు ఇంకొకరికి వెళ్లింది కాబట్టి దాని మీద మీకు పోయింది లేదు. వచ్చే బ్యాచ్‌లో నేను కూర్చుంటే ఒక సీటు ఫీజు రాకుండా పోతుందని మీరు అనొచ్చు. నిజమే. కానీ జూన్ బ్యాచ్‌లో నా సీటులో కూర్చున్నవారి ఫీజు మీకు అప్పటికే వచ్చింది. ఆ రెండూ ఒకదానికొకటి సరిపోతాయి.

అందుకని నా అభ్యర్థన ఇది. ఫీజు మొత్తం అక్టోబర్ 6 బ్యాచ్‌కు మార్చండి. ఆ బ్యాచ్‌కు ఫీజు 41,000కు పెంచారని మీ పోస్టర్‌లో చూశాను. తేడా 3,000, దాని మీద జీఎస్టీ 540, కలిపి 3,540 రూపాయలు చేరే రోజునే కడతాను. పాత ధరకే ఇవ్వమని అడగను. ఐడీ కార్డు మళ్లీ చేయాలంటే ఆ 500 కూడా ఇస్తాను. పుస్తకాలు నా దగ్గర ఉన్నవే చాలు, కొత్త సెట్ వద్దు. అమ్మ ఇప్పుడు వాకర్ వదిలి చేతికర్రతో నడుస్తోంది, అక్టోబర్‌కు నేను హైదరాబాద్ రావడానికి ఇంట్లో ఇబ్బంది లేదు.

అక్టోబర్ బ్యాచ్‌లో నిజంగా చోటు లేకపోతే నా ఫీజును మా చిన్నమ్మ కూతురి పేరుకు మార్చండి. ఆమె డిగ్రీ అయిపోయి నవంబర్ బ్యాచ్‌లో చేరాలనుకుంటోంది. పేరు మారితే మీకు కాగితం పని కాస్త పెరుగుతుంది. నా పేరున రిఫండ్ వోచర్, ఆమె పేరున కొత్త రశీదు రాయాలి. అందుకే దీన్ని రెండో మాటగా అడుగుతున్నాను. ఈ రెండూ కుదరవంటేనే డబ్బు వాపసు. రిజిస్ట్రేషన్ 500, పుస్తకాలు 2,600 తీసేస్తే 34,900 మిగులుతుంది. దాని మీద జీఎస్టీ 6,282 కలిపితే 41,182. అంటే జీఎస్టీతో కలిపి 3,658 రూపాయలు మీ దగ్గరే ఉంచుకోండి. ఆ ఖర్చు మీకు నిజంగా అయింది.

"నీకు మారిస్తే రేపు అందరూ అడుగుతారు" అని మేనేజర్ సార్ అన్నారు. ఆ భయంలో న్యాయం ఉంది. బ్యాచ్ పెట్టాలంటే సార్లకు ముందే మాట ఇవ్వాలి, హాలు అద్దె కట్టాలి, ఎంతమంది వస్తారో తెలియకపోతే సంస్థ నడవదు. నెలరోజులు విని, నచ్చక, "మార్చండి" అనేవాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లను, నాలాంటివాళ్లను వేరు చేయడానికి మీకు రెండు ప్రశ్నలు చాలు. బ్యాచ్ మొదలయ్యే తేదీకి ముందే రాతపూర్వకంగా చెప్పారా? అటెండెన్స్‌లో సున్నా ఉందా? రెండిటికీ అవును అన్నవాళ్లకు ఒక్కసారి, ఏడాది లోపు, అప్పటి ధరకు తేడా కట్టించుకుని మార్చండి. ఆ మాటను రశీదు అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, ఫీజు కట్టే కౌంటర్ అద్దం మీద అతికించండి. అప్పుడు మీ కౌన్సెలర్ మేడమ్ కూడా "చూద్దాం" అనక్కర్లేదు. "మెయిల్ పెట్టమ్మా, ఈ రోజే పెట్టు" అని సరిగ్గా చెప్పగలరు. ఆ ఒక్క మాట జూన్ 4న నాకు చెప్పి ఉంటే ఈ ఉత్తరం రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు.

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు నేను ఇంకా ఫోన్ చేయలేదు. జిల్లా కమిషన్‌లో ఐదు లక్షల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదని, రెండేళ్ల దాకా గడువు ఉందని తెలుసు. అయినా అటు వెళ్లాలని లేదు. ఆ కాగితాల చుట్టూ తిరిగే రోజుల్లో నేను మీ క్లాసులో కూర్చోవాలి. ఆ ఫీజు కోసం మా అమ్మ నాలుగు గాజులు బ్యాంకులో పెట్టాం. వాటి వడ్డీ నెలనెలా కడుతున్నాం. ఆపరేషన్ గది నుంచి బయటికి వచ్చి మత్తు దిగగానే అమ్మ అడిగిన మొదటి మాట, "నీ క్లాసు పోయిందా బిడ్డా?" అని. "పోలేదమ్మా, తర్వాత బ్యాచ్‌లో చేరుస్తామన్నారు" అని చెప్పాను. మీ కౌన్సెలర్ మేడమ్ మెసేజ్ చూసే అలా చెప్పాను.

సెప్టెంబర్ 15 లోపు మెయిల్‌లో జవాబు ఇవ్వండి. హాస్టల్‌వాళ్లు అక్టోబర్‌కు మంచం ఉంచాలంటే ఆ తేదీ లోపే అడ్వాన్సు కట్టమన్నారు. రశీదు, ఐడీ కార్డు, డిశ్చార్జ్ కాగితం, జూన్ 4 మెసేజ్ ప్రింటు అన్నీ ఒక కవరులో పెట్టుకున్నాను. ఏ రోజు రమ్మంటే ఆ రోజు తీసుకుని వస్తాను.

ఇట్లు,
రశీదు నంబరు చివర 417 ఉన్న మీ విద్యార్థిని,
మహబూబాబాద్ జిల్లా,
ఆగస్టు 28, 2025